మసీదులో అసర్ అయిపోయిన గంటకు నా అసర్: ఒకే మజ్హబ్ ఎందుకు పట్టుకోవాలి?

నెల్లూరు కరీం | శుక్రవారం రాత్రి 9:40

అస్సలాము అలైకుం. మాది నెల్లూరు దగ్గర ఒక ఊరు. షార్జాలో నాలుగేళ్లుగా ఎలక్ట్రీషియన్ పని చేస్తున్నాను. రూములో నాతో పాటు ఒక మలప్పురం కుర్రాడు ఉంటాడు, పేరుకు తమ్ముడే కానీ ప్రశ్నలు మాత్రం తాతలా వేస్తాడు.

ఇక్కడ మసీదులో మధ్యాహ్నం దాటాక వచ్చే అసర్ నమాజుకు అజాన్ అవగానే వాడు చెప్పులు వేసుకుని వెళ్లిపోతాడు. నేను వెళ్లను. నా ఫోన్లో నమాజు టైముల యాప్‌కి హనఫీ అని సెట్టింగ్ పెట్టి ఉంది, మా నాన్న పెట్టించాడు. అది ఇంకో గంటకు పైగా ఆగితే గానీ మోగదు. మోగాక రూములో ఒంటరిగా చదువుకుంటాను. నిన్న వాడు అడిగాడు, "ఊరంతా కలిసి జమాత్‌లో చదువుతుంటే నువ్వు ఈ మంచం మీద కూర్చుని ఎవరి కోసం చూస్తున్నావు?" అని. నా దగ్గర జవాబు లేదు.

ఖుర్‌ఆన్ ఒకటే, ప్రవక్త (స) ఒక్కరే. మరి నలుగురు ఇమాములు ఏంటి? ఉంటే ఉన్నారు, నాలాంటి పదో తరగతి చదివినవాడు వాళ్లలో ఒక్కరికే ఎందుకు కట్టుబడాలి? రోజుకి ఏది వీలైతే అది చేసుకుంటే తప్పేంటి? పోట్లాట కోసం కాదు, నిజంగా తెలియక అడుగుతున్నాను.

సూర్యం | శుక్రవారం రాత్రి 10:05

నేను ముస్లిమును కాదు, ఈ విభాగం చదువుతుంటాను అంతే. మజహబ్ అంటే మతం కదండీ, హిందీ పాటల్లో అదే అర్థంలో వింటాం. మతం ఒకటే పట్టుకోవాలా అని అడుగుతున్నారా? లేక షియా, సున్నీ లాంటిదా ఇది? మా ఆఫీసులో దేవ్‌బందీ, బరేల్వీ అని కూడా అంటుంటారు, అవీ ఈ నాలుగులోవేనా?

మదర్సా మాజీ | శుక్రవారం రాత్రి 11:20

సూర్యం గారూ, ఉర్దూలో ఆ మాటకు మతమనే అర్థం. అరబ్బీలో మాత్రం ‘నడిచిన దారి’. కరీం అడుగుతున్నది మతం గురించి కాదు, నమాజు, దానికి ముందు కడుక్కునే వజూ, పెళ్లి, ఆస్తి పంపకం లాంటి ఆచరణలో ఒక ఇమాము పద్ధతి గురించి. దేవ్‌బందీలు, బరేల్వీలు ఒకరి వెనక ఒకరు నిలబడని రోజులున్నాయి గానీ ఇద్దరూ హనఫీలే. వాళ్ల గొడవ వేరు. షియాలకు వాళ్ల సొంత ధర్మశాస్త్రం ఉంది.

కరీం భాయ్, ముందు నీ అసర్ సంగతి తేలుద్దాం. అది తెలిస్తే మిగతాది సగం అర్థమవుతుంది.

ఎండలో ఒక మీటరు కర్ర నిలువుగా పాతు. మిట్టమధ్యాహ్నం దాని నీడ అన్నిటికంటే పొట్టిగా ఉంటుంది. ఆ నీడ ఎంతో గుర్తుపెట్టుకో, దాన్ని లెక్కలోంచి తీసేయాలి. ఆ తర్వాత నీడ సాగుతూ పోయి, ఆ మధ్యాహ్నపు నీడకు పైన ఇంకో మీటరు చేరితే షాఫయీ, మాలికీ, హంబలీలకు అసర్ వచ్చేసినట్టే. రెండు మీటర్లు చేరితే ఇమాం అబూ హనీఫా చెప్పిన అసర్.

మన గుంటూరులో లెక్క చూడు. డిసెంబరు చివర్లో మధ్యాహ్నపు నీడే సుమారు 83 సెంటీమీటర్లు ఉంటుంది. కాబట్టి నీడ 1.83 మీటర్లయితే ఒక అసర్, 2.83 అయితే రెండోది. ఆ రెంటి మధ్య ముప్పావుగంట. మే మొదటి వారంలో సూర్యుడు నడినెత్తిన ఉంటాడు, మధ్యాహ్నం నీడ దాదాపు ఉండదు. అప్పుడు 1 మీటరుకీ 2 మీటర్లకీ మధ్య గంటంపావు పైనే పడుతుంది. నీ ఫోన్లో తేడా ఒక్కో నెల ఒక్కోలా కనిపించేది అందుకే.

ఇద్దరికీ ఆధారం హదీసే, అంటే ప్రవక్త (స) చెప్పినదీ చేసినదీ తెలిపే కథనమే. జిబ్రయీల్ (అ) కాబా దగ్గర రెండు రోజులు నమాజు చేయించి చూపిన హదీసును ఒక పక్షం పట్టుకుంది. ఎండ మండిపోతున్నప్పుడు మధ్యాహ్నపు నమాజు జొహర్‌ను చల్లబడేదాకా ఆపమన్న హదీసును అబూ హనీఫా తూకంలో వేశారు. అరబ్ ఎండల్లో నీడ ఒక రెట్టు అయ్యేసరికి చల్లబడడం అంటూ ఉండదు కదా, కాబట్టి జొహర్ వేళ ఇంకా ఉన్నట్టే అని ఆయన లెక్క.

ఇప్పుడు అసలు సంగతి. అబూ హనీఫా ముఖ్య శిష్యులిద్దరూ, అబూ యూసుఫ్, ముహమ్మద్ షైబానీ, ఈ విషయంలో గురువుతో ఏకీభవించలేదు. ఒక రెట్టు నీడకే అసర్ అన్నారు. అంటే నువ్వు షార్జా మసీదులో జమాత్‌తో చదివినా హనఫీ ఇల్లు దాటి వెళ్లినట్టు కాదు. మక్కా, మదీనాల్లో మన హాజీలంతా ఆ టైముకే చదువుతారు, చాలామంది హనఫీ ముఫ్తీలు జమాత్ వదులుకోవద్దనే చెబుతారు. మీ నాన్నగారు పెట్టించింది ఊళ్లో సరైనదే. ఊళ్లో జమాత్ కూడా ఆ టైముకే ఉంటుంది.

సహీహ్ మాత్రమే | శనివారం ఉదయం 6:15

ఇదంతా ఎందుకండీ. ఇమాం అబూ హనీఫా చనిపోయింది 767లో, మాలిక్ 795లో, షాఫయీ 820లో, అహ్మద్ 855లో. ప్రవక్త (స) వెళ్లిపోయిన వంద, రెండు వందల ఏళ్ల తర్వాత. మరి ప్రవక్త (స) సహచరులైన సహాబాలు ఏ మజ్హబ్? వాళ్లు హనఫీలా, షాఫయీలా? ఇవాళ బుఖారీ, ముస్లిం హదీసు పుస్తకాలు తెలుగులో కూడా దొరుకుతున్నాయి. తెరిచి చదివి అమలు చేయడమే. ఇమాములు కూడా అదే చెప్పారు: "హదీసు సహీహ్ అయితే అదే నా మజ్హబ్." సహీహ్ అంటే నమ్మదగినదని తేలినది. వాళ్ల మాట వినాలనుకుంటే ముందు ఈ మాట వినండి.

నూర్‌బాషా చాచా | శనివారం ఉదయం 7:50

మాది ప్రకాశం జిల్లా. మా తాత దూది ఏకి పరుపులు కుట్టేవాడు. ఇంట్లో మాట్లాడేది తెలుగే. ఏ మజ్హబ్ అని ఎవరైనా అడిగితే మా తాత "సాయిబులం" అనేవాడు. అంతకు మించి తెలియదు. పండక్కి ముల్లా సాబు చేతులు నాభి కింద కట్టుకుంటే ఈయనా అలాగే కట్టుకునేవాడు. యాభై ఏళ్ల తర్వాత నాకు తెలిసింది మేము హనఫీలమని. మరి మా తాత అన్నేళ్లూ ఏమీ కాకుండా చదివాడా?

మదర్సా మాజీ | శనివారం ఉదయం 9:30

చాచా, మీ తాతగారిని పుస్తకాలు వదిలేయలేదు. "సామాన్యుడికి మజ్హబ్ లేదు, అతని ముఫ్తీ మజ్హబే అతని మజ్హబ్" అని మా హనఫీ పుస్తకాల్లోనే ఒక మాట ఉంది. ఆయనకు తెలియాల్సింది తన ముందున్న మనిషి తెలిసినవాడు, నమ్మదగినవాడు అన్నంత వరకే. ఆ మనిషి ఎవరి పద్ధతి నేర్చుకుని వచ్చాడు అన్నది ఆయన తలనొప్పి కాదు.

సహీహ్ భాయ్, మీరు చెప్పిన సంవత్సరాలు సరైనవే. సహాబాలందరూ ఫత్వాలిచ్చే స్థాయి వాళ్లు కాదు కదా. కూఫాలో జనం ఇబ్ను మస్‌ఊద్‌ను అడిగేవాళ్లు, మక్కాలో ఇబ్ను అబ్బాస్‌ను. బుఖారీలోనే ఉంది. హజ్‌లో కాబా చుట్టూ తిరిగే తవాఫ్ అయ్యాక బహిష్టు వచ్చిన స్త్రీ చివరి తవాఫ్ కోసం ఆగాలా అని మదీనా వాళ్లు ఇబ్ను అబ్బాస్‌ను అడిగారు. వెళ్లిపోవచ్చన్నారాయన. "మీ మాట తీసుకుని జైద్ మాట వదులుకోం" అన్నారు వాళ్లు. జైద్ బిన్ సాబిత్ వాళ్ల ఊరి పెద్ద. ఒకరి మీద నమ్మకంతో ఉండిపోవడం అప్పుడే ఉంది.

సహీహ్ మాత్రమే | శనివారం ఉదయం 9:48

హదీసు సగంలో ఆపేశారేంటి? తర్వాత ఏమైందో కూడా రాయండి. మదీనా వెళ్లి అడిగి చూడండి అన్నారు ఇబ్ను అబ్బాస్. వాళ్లు వెళ్లి అడిగారు, ఉమ్మె సులైమ్ (ర) సఫియ్యా (ర) విషయంలో జరిగింది చెప్పారు. జైద్ మాట నిలవలేదు. అంటే తేల్చుకున్నారు, గుడ్డిగా పట్టుకుని కూర్చోలేదు!

మదర్సా మాజీ | శనివారం ఉదయం 10:10

ఒప్పుకుంటున్నాను, అది నేనే రాయాల్సింది. అయితే ఒక చిన్న మాట. తేల్చుకోవడానికి వాళ్లు వెళ్లింది కూడా ప్రవక్త (స)తో ఉన్నవాళ్ల దగ్గరికి, సొంత తర్కంలోకి కాదు.

ఇక "హదీసు సహీహ్ అయితే అదే నా మజ్హబ్." ఇది షాఫయీ ఇమాము మాటే. దీన్ని ఎవరు వాడుకోవచ్చో షాఫయీల్లోనే పెద్దవారు నవవీ వివరంగా రాశారు. ఇమాముకి ఆ హదీసు చేరలేదనో, అది సహీహ్ అని తెలియలేదనో బాగా నమ్మకం కుదరాలి. అంటే ఆయన పుస్తకాలూ శిష్యుల పుస్తకాలూ తిరగేసి ఉండాలి. అక్కడే ఒక ఉదాహరణ ఇస్తారు, హిజామా గురించి, అంటే గాటు పెట్టి రక్తం తీయించుకునే వైద్యం గురించి. "హిజామా చేసినవాడూ, చేయించుకున్నవాడూ ఉపవాసం పోగొట్టుకున్నారు" అని ఒక హదీసు ఉంది. షాఫయీ శిష్యుల్లో ఒకాయన, ఇది సహీహ్ కాబట్టి ఇదే షాఫయీ మాట అని ప్రకటించేశాడు. తీరా చూస్తే షాఫయీకి ఆ హదీసు బాగా తెలుసు. తెలిసే వదిలేశారు, ప్రవక్త (స) ఉపవాసంలో హిజామా చేయించుకున్నారన్న ఇంకో హదీసు ఆ తర్వాతిదని ఆయనకు తేలింది కాబట్టి. హంబలీలు మొదటి హదీసునే పట్టుకున్నారు, అది వేరే.

గురువు దగ్గర కూర్చుని చదివిన మనిషే అక్కడ పప్పులో కాలేశాడు. తెలుగు అనువాదంలో ఒక పేజీ చదివి ఏ హదీసు ముందుదో ఏది వెనుకదో కరీం ఎలా తేలుస్తాడు? రమజాన్‌లో హైదరాబాద్‌లో ఎన్ని హిజామా సెంటర్లు ఉన్నాయో చూడండి, అందరికీ ఇదే ప్రశ్న.

బర్కస్ అబ్బాయి | శనివారం మధ్యాహ్నం 1:15

హైదరాబాద్‌లో షాఫయీలు లేరనుకుని మాట్లాడకండి భాయ్, మేమున్నాం! మా ముత్తాత యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చి నిజాం సైన్యంలో చేరాడు. బర్కస్ అన్న పేరే బ్యారక్స్ నుంచి వచ్చింది. చుట్టూ హనఫీ సముద్రం, మధ్యలో మా దీవి. తెల్లవారుజాము ఫజర్‌లో మేము నిలబడి చేతులెత్తి ఖునూత్ ప్రార్థన చదువుతుంటే కొత్తగా వచ్చినవాళ్లు సజ్దాలోకి వెళ్లిపోయి, మళ్లీ లేచి దిక్కులు చూస్తారు.

నా కేసు వినండి. నా భార్య హనఫీ, పాతబస్తీ అమ్మాయి. మాకు భార్య చర్మం తగిలినా వజూ పోతుంది. వాళ్లకు పోదు. పెళ్లైన కొత్తలో నేను వజూ చేసుకుని వస్తే ఎదురొచ్చి తువ్వాలు చేతికిచ్చేది, వేళ్లు తగిలేవి, నేను మళ్లీ నల్లా దగ్గరికి. చలికాలం మూడుసార్లు కడుక్కున్న రోజు ఉంది. ఇప్పుడు తువ్వాలు కుర్చీ మీద వేసి పక్కకు నిలబడుతుంది. తమాషా ఏంటంటే, చెయ్యి తగిలింది ఒక్కసారే, నా వజూ పోయింది, తన వజూ ఉంది. ఒకే ఇంట్లో.

కరీం అన్నట్టు, ఆ ఒక్క విషయంలో నేను హనఫీ అయిపోతే ఏం పోయింది అని నేనూ చాలాసార్లు అనుకున్నా.

నెల్లూరు కరీం | శనివారం మధ్యాహ్నం 2:40

ఇదే, ఇదే నా ప్రశ్న. అసర్ సంగతి అర్థమైంది, రేపటి నుంచి జమాత్‌కి వెళ్తా. కానీ బర్కస్ భాయ్ ఒక విషయంలో హనఫీ అయిపోతే తప్పేంటి? నా విషయంలో కూడా. గడ్డం ట్రిమ్ చేసుకుంటూ తెగితే మలప్పురం వాడు "రక్తంతో వజూ పోదు" అంటాడు. మా నాన్న పోతుందంటాడు. నేను ఆ రోజు తొందరలో ఉండి వాడి మాట విని చదివేశా.

మదర్సా మాజీ | శనివారం రాత్రి 10:30

మీ ఇద్దరి కేసులూ కలిపితే నాకు కావలసిన ఉదాహరణ తయారవుతుంది. ఓపికగా చదవండి.

ఒక మనిషి పొద్దున వజూ చేసుకున్నాడు. తర్వాత బ్లేడు తెగి రక్తం గడ్డం మీదుగా కారింది. "షాఫయీల దగ్గర రక్తంతో వజూ పోదు" అనుకున్నాడు. బయల్దేరుతుంటే భార్య టిఫిన్ డబ్బా అందించింది, చేతులు తగిలాయి. "హనఫీల దగ్గర తగిలితే పోదు" అనుకున్నాడు. వెళ్లి జొహర్ చదివాడు.

ఇప్పుడు అబూ హనీఫా పద్ధతి తెలిసినవాణ్ని అడగండి. "రక్తం కారింది కదా, వజూ లేదు, నమాజు కాలేదు" అంటాడు. షాఫయీ పండితుణ్ని అడగండి. "భార్య చెయ్యి తగిలింది కదా, వజూ లేదు, నమాజు కాలేదు" అంటాడు. ఇతను ఇద్దరి మాటా విన్నాననుకుంటున్నాడు. ఆ ఇద్దరిలో ఒక్కరు కూడా అతని నమాజు అయిందనడం లేదు. దీన్నే తల్‌ఫీక్ అంటారు, రెండు చొక్కాల చెరో సగం తెచ్చి కుట్టుకున్నట్టు.

ఇలా ఎందుకు జరుగుతుందంటే ప్రతి ఇమాము దగ్గర వజూ అనేది ఒక మొత్తం. దేనితో పోతుంది, దేనితో పోదు అన్నవి ఒకే చేత్తో తూచినవి. ఖుర్‌ఆన్‌లో వజూ, నీళ్లు లేనప్పటి తయమ్ముమ్ చెప్పే ఆయత్‌లో "లామస్తుమున్నిసా" అన్న మాట ఉంది, స్త్రీలను తాకితే అని. షాఫయీ దాన్ని ఉన్నదున్నట్టు తీసుకున్నారు: తాకడమంటే తాకడమే. అబూ హనీఫా అక్కడ ఆ మాటకు కాపురం అని అర్థం చెప్పారు, మనం కూడా మర్యాదకు ఇంకో మాట వాడతాం కదా, అలాగ. ఆయన వైపు ఆయిషా (ర) హదీసు ఉంది. రాత్రి ప్రవక్త (స) నమాజు చేస్తుంటే ఆమె ఎదురుగా పడుకుని ఉండేవారు, సజ్దాకు వచ్చినప్పుడు ఆయన చేత్తో తడితే కాళ్లు ముడుచుకునేవారు. నమాజు ఆగలేదు. మధ్యలో బట్ట ఉండి ఉండొచ్చు కదా అని షాఫయీలు. ఒకే ఆయత్, ఒకే హదీసు, ఎవరూ దాచలేదు, ఎవరూ చదవక వదిలేయలేదు.

సామాన్యుడికి ఒకటే పట్టుకోమనడం వెనకున్నది ఇదే. మిగతా ముగ్గురూ తప్పని కాదు. అందరి దగ్గరా తేలికైన ముక్కలే ఏరుకుంటే ఎవరూ చెప్పని ఐదో దారి ఒకటి తయారవుతుంది, దానికి బాధ్యుడు ఎవరూ ఉండరు. బర్కస్ భాయ్ తాకిడి విషయంలో హనఫీ మాట తీసుకుంటానంటే ఆ వజూ మొత్తం హనఫీల లెక్కన చేయాలి. అప్పుడు రక్తం కారినా చేయాలి, తడి చేత్తో తల తుడిచే మసహ్ కూడా పావు వంతు చేయాలి, మీలాగా నాలుగు వెంట్రుకలు తడిపితే చాలదు.

బర్కస్ అబ్బాయి | శనివారం రాత్రి 10:52

నాలుగు వెంట్రుకలా! మేమూ తలంతా తడుపుకుంటాం సాబ్, సున్నత్ అని. మీరు కనీసం ఎంత చాలు అన్నదాన్ని తెచ్చి మేం రోజూ చేసేదిలా చెబుతున్నారు. మిగతాది ఒప్పుకుంటున్నా. కుర్చీ మీద తువ్వాలే నయం.

సహీహ్ మాత్రమే | ఆదివారం ఉదయం 6:30

ఆ ఉదాహరణ బాగుంది కానీ ఒక ప్రశ్న. రెండు విషయాల్లోనూ దలీల్, అంటే ఆధారం చూసి, రక్తంతో పోదని ఒక హదీసు వల్ల, తాకితే పోదని ఇంకో హదీసు వల్ల ఒకడు తేల్చుకున్నాడనుకోండి. అది తేలిక కోసం కాదు కదా. అతని నమాజు ఎందుకు కాదు? ఇద్దరు ఇమాములూ ‘కాదు’ అన్నారని అల్లాహ్ దగ్గర కూడా కాదా? ఈ తల్‌ఫీక్ అన్న మాటే తర్వాతి కాలం వాళ్లు తెచ్చారు. మీ హనఫీల్లోనే ఇబ్నుల్ హుమాం దీని మీద ఇంత గట్టిగా లేరు.

మదర్సా మాజీ | ఆదివారం ఉదయం 8:05

దలీల్ తూచగలిగిన మనిషి అలా తేల్చుకుంటే నేను అతని నమాజు కాలేదనను. పెద్ద పండితులు కొందరు సరిగ్గా అక్కడికే వచ్చారు కూడా. ఇబ్నుల్ హుమాం మాట కూడా నిజమే, ఆయన వెసులుబాటు ఇచ్చారు, తర్వాతివాళ్లు చాలామంది ఒప్పుకోలేదు. మన ప్రశ్న తూచలేని మనిషి గురించి. బ్లేడు తెగినప్పుడు కరీం ఏ దలీలూ చూడలేదు, టైము చూసుకున్నాడు. అతనే రాశాడు "తొందరలో ఉండి" అని.

ఢిల్లీలో షా వలీయుల్లాహ్ (1703–1762) మీకూ గౌరవనీయుడే, మాకూ. హదీసు కోసం అంత పాటుపడిన మనిషి. ఆయనే రాశారు, హిందూస్తాన్‌లోనో నదికి అవతలి బుఖారా, సమర్ఖండ్ వైపో ఉండే చదువురాని మనిషికి అక్కడ షాఫయీ, మాలికీ, హంబలీ పండితుడు గానీ పుస్తకం గానీ లేకపోతే అబూ హనీఫానే అనుసరించాలి, వదలకూడదు అని. కారణం చూడండి. హనఫీ గొప్పదని కాదు. వదిలేస్తే అతనికి అడగడానికి మనిషి ఉండడు, అందుకని. అదే మనిషి మక్కాలో ఉంటే ఈ మాట వర్తించదనీ అక్కడే చెప్పారు, నాలుగూ అక్కడ దొరుకుతాయి కాబట్టి.

సహీహ్ మాత్రమే | ఆదివారం ఉదయం 8:20

ఇప్పుడు ఫోన్లో నాలుగూ దొరుకుతున్నాయి సాబ్. నెల్లూరు కూడా మక్కాయే. ఈ ఒక్కదానికి జవాబు చెప్పండి చూద్దాం.

నూర్‌బాషా చాచా | ఆదివారం ఉదయం 8:45

ఫోన్లో మనిషి దొరుకుతాడా నాయనా? నువ్వు అడిగింది అర్థం కాకపోతే ‘అసలు ఏం జరిగింది, చెప్పు’ అని తిరిగి అడుగుతాడే, వాడు.

కరీంనగర్ షబానా | ఆదివారం మధ్యాహ్నం 12:30

ఇంతసేపూ మగవాళ్ల వజూ గురించే మాట్లాడుకున్నారు. నేను వేరే కేసు చెబుతా. మా పిన్ని భర్త గల్ఫ్ వెళ్లాడు. మొదటి రెండేళ్లు డబ్బు పంపాడు, ఫోన్ చేశాడు. తర్వాత ఫోన్ ఆగింది. కంపెనీ మారాడన్నారు, ఇంకెవరో జైల్లో ఉన్నాడన్నారు, పోయాడని కూడా అన్నారు. ఆరేళ్లయింది. పిన్నికి ముప్పై నాలుగు. మంచి సంబంధం వచ్చింది. మా ఊళ్లో ఒక పెద్దాయన "హనఫీలో కనిపించకుండా పోయిన భర్త తొంభై ఏళ్ల వయసుకు చేరేదాకా ఆగాలి" అన్నాడు. పిన్ని నవ్వింది. ఏడుపు రాక నవ్వింది.

ఒకే మజ్హబ్ పట్టుకోమనే మదర్సా సాబ్ దీనికేమంటారు?

మదర్సా మాజీ | ఆదివారం సాయంత్రం 5:40

షబానా బేటీ, ఆ పెద్దాయన చెప్పింది పాత పుస్తకాల్లో ఉన్నదే. అయితే ఆయన ఇటీవలి వందేళ్ల పుస్తకాలు తెరవలేదు. ఇది మాలో ఎప్పుడో దాటేసిన విషయం, ఎలా దాటారో చెబుతాను.

బ్రిటిష్ కాలంలో, ముఖ్యంగా పంజాబ్‌లో, భర్త పత్తా లేకుండా పోయిన ఆడవాళ్లు, భర్త చూడకుండా వదిలేసిన ఆడవాళ్లు హనఫీ లెక్కన బయటపడే దారిలేక మతం మారడం మొదలుపెట్టారు. మారితే పెళ్లి రద్దయిపోతుందని అప్పటి కోర్టులు తీర్పులిచ్చేవి. 1930ల మొదట్లో అష్రఫ్ అలీ థానవీ దీని మీద ఒక పుస్తకమే రాశారు, ‘అల్ హీలతున్నాజిజా’. పక్కా హనఫీ. అయినా మాలికీ పండితులకు రాసి, వాళ్ల దగ్గర షరతులు ఏంటో అడిగి తెప్పించుకుని, ఈ విషయంలో మాలికీ మాట మీద ఫత్వా ఇచ్చారు. ఆ పద్ధతిలో భార్య ఖాజీ దగ్గరికి వెళ్లాలి. ఆయన వెతికించాలి. జాడ దొరకకపోతే నాలుగేళ్ల గడువు పెట్టాలి. అది ముగిశాక ఆమె విధవరాలిలా నాలుగు నెలల పది రోజుల ఇద్దత్ గడువు కూర్చుంటుంది. ఆ తర్వాత పెళ్లి చేసుకోవచ్చు.

తేడా గమనించు. ఒక మనిషి తన అవసరానికి పక్క ఇంటి కిటికీలోంచి దూకడం కాదిది. తెలిసినవాళ్లు కూర్చుని, ఆ ఇంటివాళ్లను అడిగి, తలుపు ఎక్కడుందో కనుక్కుని, అందరికీ తెరిచారు. షరతులతో సహా తీసుకున్నారు, నాలుగేళ్లన్న తేలిక ఒక్కటే తీసుకుని వెతకడం వదిలేయలేదు.

1939లో ముస్లిం వివాహాల రద్దు చట్టం వచ్చింది ఆ ఊపులోనే. హనఫీ న్యాయం కష్టం కలిగించే చోట మాలికీ, షాఫయీ, హంబలీ న్యాయాన్ని తీసుకోవచ్చని హనఫీ పండితులే చెప్పారని ఆ బిల్లు ఉద్దేశాల్లో రాసి ఉంది. భర్త నాలుగేళ్లు జాడ లేకపోతే, రెండేళ్లు పోషణ ఇవ్వకపోతే భార్య కోర్టుకి వెళ్లొచ్చు. ఇప్పటికీ అమల్లో ఉన్న చట్టం. పిన్నికి ఆ రెండూ వర్తిస్తాయి.

జిల్లా కోర్టు ప్లీడరు | ఆదివారం రాత్రి 8:10

చట్టం వరకు నేను చెబుతాను. జాడ లేదన్న కారణం మీద డిక్రీ వస్తే అది వెంటనే పనిచేయదు, ఆరు నెలలు ఆగాలి. ఆలోగా భర్త స్వయంగా గానీ మనిషి ద్వారా గానీ వచ్చి కాపురానికి సిద్ధమని కోర్టును ఒప్పిస్తే డిక్రీ రద్దు చేస్తారు. పోషణ లేదన్న కారణం మీద వేస్తే ఈ ఆరు నెలల పేచీ లేదు. అందుకే మేము సాధారణంగా రెండూ కలిపి వేస్తాం.

ఇంకొకటి. జాడలేని కేసులో, దావా వేసిన రోజున భర్త చనిపోయి ఉంటే ఎవరు వారసులయ్యేవారో వాళ్ల పేర్లు, చిరునామాలు ఇవ్వాలి. వాళ్లందరికీ నోటీసు వెళ్తుంది. భర్త అన్నదమ్ములు, తండ్రి వైపు బాబాయి ఉంటే వారసులు కాకపోయినా వాళ్లను పార్టీలుగా చేర్చాలి. ఇది మర్చిపోయి నెలలు పోగొట్టుకున్నవాళ్లను చూశాను. అలాగే ఊరి ఖాజీ కాగితం రాసిస్తే సరిపోతుందనుకోవద్దు. 1880 ఖాజీల చట్టం కింద నియమించిన ఖాజీకి తీర్పు ఇచ్చే అధికారం లేదు.

సహీహ్ మాత్రమే | ఆదివారం రాత్రి 9:00

చూశారా, అవసరం వచ్చేసరికి మీరూ మజ్హబ్ దాటారు. మేము చెప్పేది అదే కదా.

మదర్సా మాజీ | ఆదివారం రాత్రి 9:25

దాటాం. ఎవరు దాటారు, ఎలా దాటారు అన్నదే నా మాటంతా. మా బజారులో ఒకాయన జీవితమంతా హనఫీ, నమాజు మధ్యలో చేతులెత్తే రఫయదైన్ చేసేవాళ్లను మసీదులో కసిరేవాడు. కోపంలో ఒకేసారి మూడు తలాఖులు అనేసిన మర్నాడు మాత్రం, మూడూ కలిపి ఒకటే అని చెప్పే మీ ముఫ్తీ గడప తొక్కాడు. అది 2017 సుప్రీంకోర్టు తీర్పుకు ముందు సంగతి. ఆయన దాటడమూ, థానవీ దాటడమూ ఒకటేనా?

సహీహ్ మాత్రమే | ఆదివారం రాత్రి 9:40

ఆ మనిషి తప్పు మనిషిది. మా ముఫ్తీ చెప్పింది మాత్రం సరైనదే. దీని మీద మనం ఈ జన్మకి ఒప్పందానికి రాం.

కరీంనగర్ షబానా | ఆదివారం రాత్రి 10:15

ప్లీడరు గారూ, మదర్సా సాబ్, ఇద్దరికీ థాంక్స్. ఒక్క డౌట్. కోర్టు జడ్జి ముస్లిం కాకపోతే ఆ డిక్రీ చెల్లదని మా పెద్దాయన అంటున్నాడు. ఇప్పుడు మళ్లీ అదొక టెన్షన్.

మదర్సా మాజీ | ఆదివారం రాత్రి 10:40

ఇందులో ఉలమా రెండు రకాలుగా ఉన్నారు బేటీ. ఖాజీ లేనిచోట నమ్మకమైన ముస్లిముల పంచాయతీ ఆ పని చేయొచ్చని కూడా మాలికీల్లో ఉంది, థానవీ దాన్నీ తీసుకున్నారు. అందుకే చాలామంది కోర్టు డిక్రీతో పాటు ముఫ్తీలు కూర్చుని తేల్చే దారుల్ ఖజాలో కూడా కేసు పెట్టి రెండు చేతులా కాగితం తీసుకుంటారు. మీ దగ్గర్లో ఉన్నదాన్ని కనుక్కో. పెద్దాయనను కూడా వెంట తీసుకెళ్లు, అక్కడి ముఫ్తీ నోటినుంచే వింటాడు.

నెల్లూరు కరీం | సోమవారం సాయంత్రం 5:05

ఇవాళ అసర్ జమాత్‌తో చదివాను. మలప్పురం వాడు పక్కనే నిలబడ్డాడు, ఏమీ అనలేదు. బయటికి వచ్చాక "నువ్వు షాఫయీ అయ్యావా?" అన్నాడు. "కాదు, అబూ యూసుఫ్ మాట" అన్నా. ఆయనెవరు అన్నాడు. రాత్రికి చెబుతానని తప్పించుకున్నా.

నాన్నకు ఫోన్ చేస్తే మాత్రం కాసేపు పలకలేదు. తర్వాత, "సరే, అక్కడ అలా చెయ్యి, ఇంటికొచ్చినప్పుడు ఇక్కడి టైమే" అన్నాడు.

ఇంకో అనుమానం. వాడు శుక్రవారం పీతల కూర వండుతానంటున్నాడు. వాళ్లకు ఓకే అట. మా ఇంట్లో రొయ్యలు తింటాం, పీతలు ఎప్పుడూ వండలేదు. రొయ్య చేపా కాదా అన్నదాని మీద మనవాళ్లలోనే గొడవ ఉందని విన్నా. దీనికి కొత్త థ్రెడ్ తెరవనా?

మోడరేటర్ | సోమవారం రాత్రి 7:00

తెరవండి. షబానా గారి కేసుకు కూడా ఒకటి విడిగా తెరిచాను, ప్లీడరు గారు అక్కడ చూస్తారు.

కరీంనగర్ షబానా | సోమవారం రాత్రి 7:20

అక్కడే రాస్తా. బాబాయి తమ్ముడు మస్కట్‌లో ఉన్నాడు, చిరునామా ఎవరి దగ్గరా లేదు. నోటీసు ఎలా పంపాలి?